రాజా అంటే రమ్మనా, పొమ్మనా?

ప్రశ్న: మాది తార్నాకలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఇంట్లో నేను, మావారు, ఆరో తరగతి చదివే పాప, అత్తయ్యగారు ఉంటాం. రెండు నెలల కిందట ఒక వీధికుక్క పిల్లను తెచ్చుకున్నాం. ఇప్పుడు వాడికి నాలుగు నెలలు. అత్తయ్యగారు 'రాజా' అని పేరు పెట్టారు. ఊళ్లో మామయ్యగారు పెంచిన కుక్క పేరది. మామయ్యగారు పోయి ఏడాదిన్నర అయింది. పేరు పెట్టి పిలిస్తే వీడు ఒకసారి పరిగెత్తుకొస్తాడు, ఇంకోసారి బిక్కమొహం వేసుకుని అక్కడే నిలబడతాడు. 'ఆగరా రాజా' అంటే ఆగడు, మీదికొస్తాడు. పోయిన వారం గేటు దగ్గర మా వాచ్‌మన్ రోడ్డు అవతల ఉన్న తన కొడుకుని 'ఆజా, ఆజా' అని పిలిస్తే, వీడు నా చేతిలోని తాడు లాక్కుని రోడ్డు మీదికి ఉరికాడు. ఆటో అతను బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నాకు టెన్షన్. మావారు 'బ్రూనో' అని మార్చేద్దామంటారు. పాప 'కోకో' అంటుంది. పేరు మార్చే మాట ఎత్తగానే అత్తయ్యగారు ముభావంగా అయిపోయారు. ఇప్పుడు మారిస్తే వాడు గందరగోళపడడా? ఎలాంటి పేరు పెట్టాలి? ఆవిడ మనసు కష్టపెట్టకుండా ఎలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీవాడు మాట వినని కుక్క కాదండీ. మనం వాడితో అనని మాటలు కూడా వింటున్నాడు, అంతే.

పేరుని రెండు ముక్కలుగా విరిచి చూడండి. 'రా' అంటే మీ ఇంట్లో దగ్గరికి రమ్మని. 'జా' అంటే మెట్లు దిగి గేటు దాటగానే పొమ్మని. ఒక్క పేరులోనే రమ్మనడం, పొమ్మనడం రెండూ ఇమిడిపోయాయి. మీ అత్తయ్యగారి ఊళ్లో 'జా' అనేవాళ్లు పెద్దగా ఉండి ఉండరు కాబట్టి పాత రాజాకి ఈ బాధ తెలిసి ఉండదు. హైదరాబాద్‌లో కుక్క చెవిన పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగు, దక్కనీ, ఇంగ్లిష్ కలగాపులగంగా పడుతుంటాయి. వాచ్‌మన్ పిలిస్తే మీవాడు ఉరికాడంటే వాడి లెక్కలో వాడు సరైన పనే చేశాడు. 'ఆజా'కీ 'రాజా'కీ తేడా ముందున్న ఆ చిన్న 'ర' ఒక్కటే. రోడ్డు మోతలో ఆ కాస్తా కొట్టుకుపోతుంది.

ఇంకో చిక్కు మన తెలుగు నోటిదే. మగకుక్క అనేసరికి ప్రతి మాటకీ చివర 'రా' తగిలిస్తాం. కూర్చోరా, తినరా, వద్దురా, ఏంట్రా, ఎక్కడ తిరిగొస్తున్నావురా. మనకి అది చనువు. కుక్కకి మాత్రం అది 'దగ్గరికి రా' అన్న మాటే, ఎందుకంటే 'రా' అంటే రావాలని మనమే నేర్పాం. మీరు రాసిన 'ఆగరా రాజా'నే తీసుకోండి. ఉన్నవి అయిదు అక్షరాలు, అందులో 'రా' రెండుసార్లు, 'జా' ఒకసారి. ఆగమన్న సంగతి మొదటి రెండక్షరాల్లో ఉంది, అదీ చిన్నగా పలికే మాట. వాడు ఏది వినాలి? గట్టిగా వినిపించిందే విన్నాడు, వచ్చి మీద పడ్డాడు. ఆడకుక్క అయ్యుంటే 'ఆగవే' అనేవాళ్లు, సగం గొడవ తప్పేది.

కుక్క చెవి చాలా పదునైనదంటారు కదా, ఇంత చిన్న తేడా పట్టుకోలేదా అని మీకు అనిపించవచ్చు. చెవి పదునైనదే. కానీ మాటలోని ప్రతి అక్షరం మీదా దాని ధ్యాస నిలవదు. 2020లో బుడాపెస్ట్‌లోని ఈట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు పెంపుడు కుక్కల తలకు నొప్పిలేని తీగలు అతికించి, మెదడులో కదలికలను కొలిచారు. వాటికి బాగా తెలిసిన ఆజ్ఞలు వినిపించారు. అదే ఆజ్ఞలో ఒక్క ధ్వని మార్చిన అర్థంలేని మాటలూ, అసలు పోలికే లేని మాటలూ వినిపించారు. పోలికలేని మాటను మెదడు వెంటనే వేరుగా పట్టుకుంది. ఒక్క ధ్వని మారినదాన్ని మాత్రం తెలిసిన మాటకన్నా వేరుగా చూసినట్టు కనిపించలేదు. అంటే మనం 'రాజా, ఆజా' వేరువేరు మాటలనుకుంటే, నేర్పకపోతే కుక్కకి అవి రెండూ ఒకే గుంపులోవి.

నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఇంట్లోనే చూడండి. అది కూడా మీరు కాదు, అత్తయ్యగారి చేత చేయించండి. ఎందుకో తర్వాత చెబుతాను. పిల్ల పడుకోకుండా, ఆడకుండా, ఊరికే నేల వాసన చూస్తూ తిరిగే వేళ చూసుకుని ఆవిడ కుర్చీలో కూర్చోవాలి. వాడు అటు తిరిగి ఉన్నప్పుడు మామూలు గొంతుతో 'రాజా' అనాలి. పది నిమిషాలు ఆగి, అదే రాగంతో 'కాజా' అనాలి. తాపేశ్వరం కాజాయే అనుకోండి. మరో పది నిమిషాలకి 'బాజా'. ఆ తర్వాత అసలు సంబంధంలేని 'కిటికీ'. ఒక్కోటి మూడుసార్లకు మించొద్దు, మించితే విసుగొచ్చి దేనికీ తిరగడు. చేతిలో తినే వస్తువు ఉండకూడదు, పాప కిసుక్కుమని నవ్వకూడదు. కాజాకీ బాజాకీ కూడా తల తిప్పి, కిటికీకి తిప్పకపోతే వాడికి తెలిసింది పేరు కాదు, 'ఆ... జా' అన్న సాగదీత మాత్రమే. కిటికీకి కూడా తల తిప్పితే వాడు గొంతుకే తిరుగుతున్నాడని అర్థం. అప్పుడు పేరు అసలు ఎక్కలేదు కాబట్టి మార్చినా పోయేదేమీ లేదు. రాజాకి మాత్రమే తిరిగితే నేను చెప్పినదాంట్లో సగం తప్పు, పేరు ఉంచుకునే దారి మీకు ఇంకా తెరిచే ఉంది.

ఆ దారి గురించే ముందు మాట్లాడుకుందాం, మీ అత్తయ్యగారికి ఇష్టమైనది అదే కాబట్టి. పేరు ఉంచి ఆజ్ఞలు మార్చవచ్చు. రమ్మనడానికి 'రా' మానేసి 'ఇటు' అన్న మాటనో, ఈలనో పెట్టుకోవచ్చు. ఆగమనడానికి మాట లేకుండా అరచేయి ఎదురుగా చూపించవచ్చు. కుక్కలు చేతి సైగలను చాలా తొందరగా పట్టుకుంటాయి. ఇంత వరకూ బాగానే ఉంది. కానీ దీనికి పెట్టే ఖర్చు కుక్క పెట్టదు, మీరు నలుగురూ పెట్టాలి. రోజంతా ఎవరి నోటా కుక్కతో 'రా' రాకూడదు. కూర్చోరా అనకూడదు, ఏంట్రా అనకూడదు. రెండు రోజులు పళ్లు బిగించి ఉండగలరేమో, మూడోరోజు వాడు చెప్పు ఎత్తుకుపోగానే 'ఒరేయ్ వదలరా' అని మీ నోరే అంటుంది. పైగా ఇంట్లో నోళ్లు కట్టినా, వీధిలో 'ఆజా'లను ఎవరు ఆపుతారు? గేటు దగ్గర ప్రమాదం అలాగే ఉంటుంది. ఈ దారి ఎంచుకుంటే వాడు పెద్దయ్యాక కూడా బయట తాడు పట్టు సడలించకూడదు. అది ఒప్పుకోగలిగితే ఇది తప్పు దారేమీ కాదు.

రెండోది, మీవారు అన్నట్టు పేరు మొత్తం మార్చేయడం. గందరగోళపడతాడన్న భయం వద్దు. కుక్కకి పేరు అంటే 'నేను ఫలానా' అన్న గుర్తు కాదు. ఆ చప్పుడు వినిపిస్తే మనవైపు చూడాలి, చూస్తే ఏదో మంచి జరుగుతుంది, అంతవరకే. అయిదారేళ్ల కుక్కను తెచ్చుకున్నవాళ్లు కూడా కొత్త పేరు అలవాటు చేస్తుంటారు. నాలుగు నెలల పిల్లకి ఇదో లెక్క కాదు.

అసలు ప్రశ్న ఏ పేరుకి మారుస్తారన్నది. బ్రూనో, కోకో రెండూ నాకు నచ్చలేదు, ఒకే కారణానికి. రెండూ మీ ఇంటి ఆజ్ఞల్లాగే ముగుస్తున్నాయి. బ్రూనో చివర 'నో' ఉంది. మీ పాప కుక్కతో రోజుకి ఎన్నిసార్లు 'నో' అంటుందో ఒక సాయంత్రం లెక్కపెట్టండి. చెప్పు కొరికినప్పుడు అరిచే 'నో', ప్రేమగా పిలిచే 'బ్రూనో' ఒకే తోకతో వస్తే పిల్లకి పిలుపు వినగానే ముందు బెదురు పుడుతుంది. తల దించుకుని దగ్గరికి వచ్చే కుక్కల్లో కొన్నిటికి ఇదే కథ. అదీగాక మీ వీధిలో బ్రూనోలు ఇప్పటికే ఉండొచ్చు, సాయంత్రం ఒకరు పిలిస్తే ముగ్గురు తిరుగుతారు. ఇక కోకో. ఇది ఇంగ్లిష్ ఇంట్లో చక్కటి పేరు. తెలుగింట్లో కాదు. పడుకో, తీసుకో, ఆడుకో, ఊరుకో, అన్నీ 'కో'తోనే ముగుస్తాయి. మెట్ల దగ్గర ఎవరో దక్కనీలో 'నక్కో' అంటే అందులోనూ 'కో'నే. రోజుకి వందసార్లు ఎవరో ఒకరు ఆ పిల్లని సగం పేరుతో పిలిచి, ఏమీ ఇవ్వకుండా, ఏమీ చెప్పకుండా వదిలేసినట్టు అవుతుంది. వారం తిరిగేసరికి పట్టించుకోవడం మానేస్తాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పేర్ల జాబితాలు చూసి పేరు ఎంచుకోకూడదు. ముందు మీ ఇంటి ఆజ్ఞల జాబితా చూసుకోవాలి. ఒక కాగితం తీసుకుని ఫ్రిజ్ మీద అంటించండి. ఒక రోజంతా ఎవరు కుక్కతో ఏ మాట అన్నా రాయండి. మీ ఇంట్లో ఏముంటాయో దాదాపు ఊహించగలను: రా, దా, పో, ఆగు, వద్దు, కూర్చో, వదులు, తిను, సిట్, నో, కమ్. ఇప్పుడు ఆ కాగితాన్ని ముగింపుల కింద విడదీసి చూడండి. 'ఆ'తో ముగిసేవి రా, దా, వీధిలోని ఆజా. 'ఓ'తో ముగిసేవి పో, కూర్చో, నో. 'ఉ'తో ముగిసేవి ఆగు, వద్దు, వదులు, తిను. మరి 'ఈ'తో? ఒక్కటీ కనిపించదు. తెలుగులో మనం కుక్కని ఆజ్ఞాపించే మాటలు 'ఈ'తో ముగిసేది చాలా అరుదు. మీ ఇంటికి ఖాళీగా ఉన్న చోటు అదే. 'ఈ'తో ముగిసే రెండక్షరాల పేరు పెడితే వాడి చెవిలో దానికి పోటీ ఉండదు.

రెండక్షరాలే ఎందుకంటే, ఒక్క అక్షరం పేరు ఆజ్ఞలాగే టక్కున పడిపోతుంది, రెండు దాటితే ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు కోసేస్తారు. ఒకరు 'వీరభద్ర' అంటే ఒకరు 'వీర' అంటారు. మీ ఇంట్లో ఎక్కువ తక్కువ వయసుల నోళ్లు ఉన్నాయి, అందరూ ఒకేలా పలకాలి. మీవారికి 'మ్యాక్స్' నచ్చిందనుకోండి, అత్తయ్యగారి నోట అది 'మాక్సు' అవుతుంది. కుక్కకి అవి రెండు పేర్లు. మన నోటికి అచ్చుతో ముగిసే మాటే హాయి. ఇందులో తెలుగువాళ్లకి ఒక లాభం కూడా ఉంది, అచ్చుతో ముగిసిన పేరుని దూరానికి సాగదీసి పిలవొచ్చు. మొదటి అక్షరం మాత్రం కాస్త గట్టిగా మొదలైతే మేలు. క, ట, ప, బ, డ, ఇలా పెదవో నాలుకో ఒక్కసారి మూసి వదిలే అక్షరాలు చప్పుడులోంచి పైకి లేస్తాయి. 'రాజా'లో 'ర'లా మెత్తగా జారిపోవు.

అయితే సాగదీయడంలోనూ ఒక తిరకాసు ఉంది. పాట్రీషియా మెకొనెల్ అనే అమెరికా జంతు ప్రవర్తన నిపుణురాలు రకరకాల భాషల్లో జంతువులను నడిపించేవాళ్ల పిలుపులను రికార్డు చేసి పోల్చారు. భాష ఏదైనా, జంతువును కదిలించడానికి చిన్న చిన్న చప్పుళ్లను వెంటవెంటనే చేస్తున్నారు, ఆపడానికి ఒకే పొడుగాటి చప్పుడు వాడుతున్నారు. మన ఎడ్లబండ్లు చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. నాలుకతో టక టకమంటే ఎడ్లు నడుస్తాయి, 'హోఓఓ' అంటే ఆగుతాయి. మీ పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడ్డప్పుడు మీరు 'రాజాఆఆ' అని దీర్ఘం తీసి ఉంటారని నా అనుమానం. అది వాడికి ఆపే చప్పుడు. పేరు ఒక్కసారి చురుగ్గా అని, వాడు చూశాక గొంతు కాస్త పైకి లేపి పొట్టిగా రమ్మనండి. దీర్ఘం తీయడం బాల్కనీలోంచి పాపని పిలవడానికి ఉంచుకోండి.

ఇప్పుడు మీ ఇంటి కాగితం ముందు పెట్టుకుని నాలుగు పేర్లు వడగడదాం. 'బిట్టు' అందరికీ తోచేది. చిన్నది, గట్టిగా మొదలవుతుంది. కానీ మీ పాప 'సిట్' అంటుంది కదా, రెండిటి కడుపులోనూ 'ఇట్' ఉంది. కూర్చో అని మాత్రమే అనే ఇంట్లో బిట్టు బంగారం, మీ ఇంట్లో కాదు. 'బుజ్జి'కి ఆజ్ఞలతో పేచీ లేదు, మనుషులతో పేచీ. తెలుగిళ్లలో సగంమంది బుజ్జిలే. ఫోన్లో మీ చెల్లెలితో 'ఏమే బుజ్జీ' అంటే పిల్ల లేచి వచ్చేస్తుంది. చిన్ని, పండు, నాని అన్నీ ఇంతే. 'లడ్డు' ఇంకా కష్టం, పండక్కి పళ్లెం దించగానే అందరి నోటా వాడి పేరే. 'మోతీ' బాగుంది. 'ఈ'తో ముగుస్తుంది, అత్తయ్యగారు పాప ఒకేలా పలుకుతారు, వాచ్‌మన్‌కీ కొత్త కాదు, ముత్యాల ఊరికి తగ్గట్టు కూడా ఉంది. మొదటి అక్షరం 'మ' మెత్తనిదే, అయినా చివరి 'తీ' పైకి లేచి దాన్ని మోస్తుంది. ఒక్కటే చూసుకోండి, అత్తయ్యగారికి మనవరాలిని 'కోతీ' అని ముద్దుగా తిట్టే అలవాటుంటే మోతీ వద్దు. పిల్ల ఇద్దరి తిట్లూ తనే తింటాడు. అప్పుడు 'టిక్కీ' లాంటిది చూడండి. గట్టి అక్షరాలే రెండూ, మీ కాగితంలో దాని దరిదాపుల్లో ఏదీ లేదు. అది మరీ తినేవస్తువులా ఉందని మీవారు నవ్వితే నవ్వనివ్వండి, మీ ఇంట్లో ఆ వంటకం వారానికొకసారి చేయకపోతే చాలు.

వడగట్టాక ఇంకో పరీక్ష నాకు ఇష్టం. కోపంగా ఉన్నప్పుడు ఆ పేరుని తియ్యగా అనగలరా చూడండి. గేటు తీసి ఉంది, వాడు బయటికి పరిగెడుతున్నాడు, మీ గుండె గొంతులో ఉంది. ఆ క్షణంలో కూడా నవ్వుతూ పలకడానికి వచ్చే పేరే పేరు. 'ఈ' అనేటప్పుడు మూతి ఎలాగూ కాస్త నవ్వినట్టే సాగుతుంది, కొంత సాయం.

ఇక మూడో దారి. నన్నడిగితే ముందు దీన్నే ఆలోచించమంటాను, కానీ నిర్ణయం మీది. మన ఇళ్లలో ఏ బిడ్డకి ఒకే పేరు ఉందండీ? బారసాలలో బియ్యంలో రాసేది ఒకటి, వీధిలో పిలిచేది ఇంకొకటి. వెంకట సత్యనారాయణని జీవితాంతం 'సత్తి' అనే పిలుస్తారు, ఆ పేరు పెట్టిన తాతకి ఎవరూ అన్యాయం చేసినట్టు కాదు. వీడికీ అంతే చేయవచ్చు. టీకాల పుస్తకంలో రాజా. డాక్టరు దగ్గర రాజా. చుట్టాలకి పరిచయం చేసేటప్పుడు రాజా. పిలిచే పేరు మాత్రం వేరు. ఆ పిలిచే పేరు అత్తయ్యగారినే పెట్టమనండి. 'ఈతో ముగియాలి, రెండక్షరాలే ఉండాలి, మన కాగితంలో పోలిక ఉండకూడదు' అని మూడు షరతులు చెప్పి వదిలేయండి. ఊళ్లో మామయ్యగారి హయాంలో ఇంకేం జంతువులు ఉండేవి, ఆవుని ఏమని పిలిచేవారు, దూడని ఏమనేవారు అని అడగండి. పల్లెల్లో ఆవుకి 'గౌరి' అని పేరు పెట్టడం మామూలే. అలాంటి మాటలోంచే ఒక పేరు దొరకవచ్చు. అప్పుడు ఆ కాలం ఇంట్లోంచి పోయినట్టు ఆవిడకి అనిపించదు.

కాజా పరీక్ష ఆవిడ చేత చేయించమన్నది అందుకే. మీరో మీవారో 'ఆ పేరు పనికిరాదు' అంటే ఆవిడ చెవికి 'ఆ మనిషి జ్ఞాపకం పనికిరాదు' అన్నట్టు తగులుతుంది. తన నోటితో కాజా అంటే పిల్ల తల తిప్పడం ఆవిడ కళ్లతో చూస్తే, అది వేరే సంగతి. పిల్లకి ఇబ్బందిగా ఉందన్న మాట ఆవిడే అంటారు. మీవారిని మాత్రం ఈ వారం 'బ్రూనో' మాట ఎత్తవద్దని చెప్పండి. తల్లీకొడుకుల మధ్య ఇది పేరు గురించిన తగాదా కాదని మీకు నాకన్నా బాగా తెలుసు.

అయినా ఆవిడ ఒళ్లో పెట్టుకుని నిమిరేటప్పుడు 'రాజా' అంటూనే ఉంటారు. అననివ్వండి. కుక్కలు రెండు పేర్లు మోయగలవు. ఆ మాట ఒళ్లో ఉన్నప్పుడే అంటే అది వాడికి ముద్దుమాటగా స్థిరపడుతుంది. దూరం నుంచి పిలవడానికి, బయట ఆపడానికి మాత్రం కొత్త పేరే వాడాలి. ఈ ఒక్క గీత అందరూ పాటిస్తే చాలు.

కొత్త పేరు ఎక్కించడం ఇలా. పాత పేరు బాగున్న కుక్కలకి కొత్త పేరు ముందు, వెంటనే పాత పేరు కలిపి కొన్నాళ్లు అంటారు, తర్వాత పాతది తీసేస్తారు. మీవాడికి అలా వద్దు. పాత పేరులోని అయోమయం కొత్తదానికి అంటుకుంటుంది. సున్నా నుంచి మొదలుపెట్టండి. ఉప్పూ కారం, ఉల్లి వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసుకోండి. మాంసం వండని ఇల్లయితే పనీర్ తునకలు. పిల్ల మీకు మూర దూరంలో ఉన్నప్పుడు పేరు ఒక్కసారి అనండి, వాడు చూసినా చూడకపోయినా సెకను తిరిగేలోపు ముక్క నోట్లో పడాలి. ఎనిమిదిసార్లు చేసి ఆపేయండి. రోజుకి మూడు విడతలు. ఒక విడత మీరు, ఒకటి పాప, ఒకటి అత్తయ్యగారు చేస్తే అందరి గొంతులూ అలవాటవుతాయి. రెండు మూడు రోజులకి వాడు ముక్క చూసి కాదు, పేరు విని తల తిప్పుతాడు. మెడ చటుక్కున తిరగడం మీకే తెలుస్తుంది. అప్పటి నుంచి చూస్తేనే ముక్క ఇవ్వండి, చూడకపోతే మళ్లీ మళ్లీ అనకండి. మూడుసార్లు అంటే మూడోసారికే తిరగాలని నేర్చుకుంటాడు. ఒక అడుగు దగ్గరికి జరిగి, కాస్త ఆగి మళ్లీ ఒక్కసారి.

తర్వాత పక్క గదిలోంచి, ఆపైన కారిడార్‌లో, ఆపైన మెట్ల మీద, చివరగా గేటు లోపల తాడుతో. చోటు మారినప్పుడల్లా మొదట్లో కాస్త తప్పుతాడు, అది మామూలే. చప్పుడు సంగతి కూడా గుర్తుంచుకోండి. 2019లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో, చుట్టూ జనం మాటలు వినిపిస్తుండగా కుక్కలు తమ పేరుని పట్టుకుంటాయా అని పరీక్షించారు. మాటల హోరు పేరంత గట్టిగా ఉన్నా గుర్తుపట్టాయి, హోరు పేరుని మించినప్పుడు మాత్రం పట్టలేకపోయాయి. కాబట్టి సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర పిలిచి పలకలేదని వాడిని తిట్టకండి. అక్కడ వాడికి వినపడదు.

కొత్త పేరుతో ఎప్పుడూ చేయకూడనివి కొన్ని. ఆ పేరు పిలిచి స్నానం చేయించకండి, గోళ్లు కత్తిరించకండి, తిట్టకండి. వాటికి మీరే వెళ్లి వాడిని ఎత్తుకోండి. రెండు వారాలయ్యాక వెనకనుంచి, వాడు వేరే ధ్యాసలో ఉండగా పది వేర్వేరు సమయాల్లో ఒక్కోసారి పిలిచి చూడండి. ఎనిమిదిసార్లు తల తిప్పితే పేరు ఎక్కినట్టే. నాలుగయిదు దాటకపోతే ముక్కలు ఆలస్యంగా పడుతున్నాయా, ఇంట్లో ఎవరైనా ఊరికే పేరు అంటూ తిరుగుతున్నారా చూడండి. ఎక్కువగా రెండోదే ఉంటుంది, పిల్లలకి కొత్త పేరు మహా సరదా.

గేటు సంగతి మాత్రం పేరు ఎక్కేదాకా ఆగదు. తాడు కొసను చేతికి చుట్టుకోకండి, పడితే మణికట్టు పోతుంది. ఉచ్చులో బొటనవేలు పెట్టి పిడికిలి బిగించి, రెండో చేత్తో తాడుని నడుము దగ్గర పట్టుకోండి. మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే పట్టీ అయితే ఉరికినప్పుడు జారిపోయే అవకాశం తక్కువ. వాచ్‌మన్‌కి కూడా విషయం చెప్పండి. కొడుకుని ఆజా అనవద్దని కాదు, అది వాళ్లింటి మాట. మీరు పిల్లతో దిగేటప్పుడు గేటు ఒక నిమిషం వేసి ఉంచమని అడగండి. పొద్దున్న కిందికి దిగే ముందు మెట్ల మీంచి ఒక కేక వేస్తే అతనికీ గుర్తుంటుంది.